మందు పోయినా ముడి మిగులుతుంది: ఆస్పిరిన్, పెన్సిలిన్ ఎంజైములను కట్టిపడేసే తీరు

మింగిన ఆస్పిరిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. పావుగంట, ఇరవై నిమిషాలు గడిచేసరికి సగం విరిగిపోతుంది. రెండు గంటల తర్వాత వెతికితే అసలు ఆస్పిరిన్ దాదాపు కనిపించదు. అయినా అది రక్తంలోని ప్లేట్‌లెట్ల మీద చూపిన ప్రభావం పూర్తిగా తొలగడానికి వారం పైనే పడుతుంది. మందు లేదు, దాని పని మాత్రం ఉంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తిరుగులేని నిరోధకాల సంగతి సగం అర్థమైనట్లే.

మామూలు నిరోధకం ఎంజైములోని క్రియాస్థానంలో వచ్చి కూర్చుంటుంది, మళ్లీ లేచిపోతుంది. మందు గాఢత ఎక్కువగా ఉన్నంతసేపు ఏ క్షణంలో చూసినా అక్కడ ఏదో ఒక అణువు ఉంటుంది. గాఢత తగ్గితే స్థానం ఖాళీ అవుతుంది, ఎంజైము ఏమీ జరగనట్లు తన పనిలో పడుతుంది. ఐబుప్రొఫెన్ ఈ కోవలోదే. తిరుగులేని నిరోధకం అలా కూర్చోవడంతో ఆగదు. తనలోని ఒక ముక్కను ఎంజైము మీద సమయోజనీయ బంధంతో అతికిస్తుంది. ఆ తర్వాత మందు మొత్తాన్ని కడిగేసినా ఆ ముక్క ఊడిరాదు.

ఈ రెంటిలో ఏది జరిగిందో ప్రయోగశాలలో తేల్చుకోవడం సులువే. ఎంజైమును మందుతో కలిపి కొంతసేపు ఉంచి, ఆ మిశ్రమాన్ని ఒక్కసారిగా వంద రెట్లు పలచన చేసి, సబ్‌స్ట్రేట్‌ను, అంటే ఎంజైము పని చేయవలసిన పదార్థాన్ని అందిస్తారు. తిరిగి వచ్చే రకం నిరోధకమైతే ఎంజైము చురుకుదనం కోలుకుంటుంది. తిరుగులేనిదైతే పలచన చేసినా ఫలితం ఉండదు. ఇంకొక గుర్తు కాలం. తిరుగులేని నిరోధకంతో ఎంజైమును ఎంత ఎక్కువసేపు కలిపి ఉంచితే అంత ఎక్కువ ఎంజైము చచ్చుబడుతుంది. కాబట్టి దాని బలం ఎంత మోతాదులో సగం పని ఆగిందన్న ఒక్క అంకెతో తేలదు. ఎంతసేపు కలిపి ఉంచారో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. రెండు తిరుగులేని మందులను ఈ అంకె ఒక్కదానితో పోల్చి తీర్పు చెప్పేవారు తరచూ పొరబడేది ఇక్కడే. ఎంజైముకు మందు ఎంత గట్టిగా అంటుకుంటుంది, అంటుకున్నాక ఎంత వేగంగా బంధం ఏర్పడుతుంది అనేవి వేరువేరు సంగతులు. రెండింటినీ విడిగా కొలవాలి.

ఆస్పిరిన్, పెన్సిలిన్ రెండూ సెరీన్ అనే అమైనో ఆమ్లం మీదనే ముడి వేస్తాయి. సెరీన్ కొసన ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన చిన్న చేయి ఉంటుంది. రెండు మందులూ ఆ ఆక్సిజన్‌కే అతుక్కుంటాయి. పైపైన చూస్తే ఒకే పని. పరిశీలనగా చూస్తే అవి అతుక్కునే సెరీన్లు ఎంజైములో చేసే పనులే వేరు.

ముందు ఆస్పిరిన్. అది ఆపే ఎంజైము సైక్లోఆక్సిజనేజ్, పొట్టిగా కాక్స్. అరాకిడోనిక్ ఆమ్లం అనే పొడవాటి కొవ్వు ఆమ్లాన్ని తీసుకుని ప్రోస్టాగ్లాండిన్ల తయారీని మొదలుపెడుతుంది. నొప్పి, జ్వరం, వాపు వెనుక ఉన్న చాలా సంకేతాలు ఈ దారిలోనే పుడతాయి. ఆస్పిరిన్ ఈ తయారీని ఆపుతుందని జాన్ వేన్ 1971లో చూపించారు. ఆ కృషికి 1982లో నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో కలిసి అందుకున్నారు. ఆపుతుందని తెలిసింది కానీ ఎలా ఆపుతుందో అప్పటికి తెలియదు.

దానికి జవాబు 1975లో జెరాల్డ్ రాత్, ఫిలిప్ మేజరస్ చేసిన ప్రయోగం ఇచ్చింది. ఈ ప్రయోగంలోని పొందిక నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. ఆస్పిరిన్ అణువులో రెండు భాగాలు ఉన్నాయి: సాలిసిలిక్ ఆమ్లం, దానికి తగిలించిన చిన్న అసిటైల్ ముక్క. వారు అసిటైల్ ముక్కకు రేడియోధార్మిక గుర్తు ఉన్న ఆస్పిరిన్‌ను ప్లేట్‌లెట్లకు ఇచ్చి చూశారు. గుర్తు ప్లేట్‌లెట్ల ప్రోటీన్‌కు అతుక్కుని అలాగే ఉండిపోయింది. అదే గుర్తును సాలిసిలిక్ ఆమ్లం భాగంలో పెట్టినప్పుడు ప్రోటీన్‌కు ఏమీ అంటలేదు. అంటే ఆస్పిరిన్ మొత్తంగా అతుక్కోవడం లేదు. తన అసిటైల్ ముక్కను ఎంజైముకు అప్పగించి, మిగిలిన సాలిసిలిక్ ఆమ్లం పక్కకు తప్పుకుంటోంది. ఈనాటి ద్రవ్యరాశి వర్ణపటంలో చూస్తే ఎంజైము బరువు సరిగ్గా 42 డాల్టన్లు పెరుగుతుంది. సెరీన్ మీది ఒక హైడ్రోజన్ పోయి అసిటైల్ వచ్చి చేరినప్పుడు పెరగవలసిన బరువు అదే.

ఆ ముక్క చేరేది మనిషి కాక్స్-1లోని 529వ సెరీన్ మీద. చాలా పుస్తకాల్లో 530 అని ఉంటుంది. అది గొర్రె ఎంజైము లెక్క. తొలి పరిశోధనలు ఎక్కువగా గొర్రె నుంచి తీసిన ఎంజైము మీద జరిగాయి కాబట్టి ఆ సంఖ్య నిలిచిపోయింది. రెండు సంఖ్యలు చూసి ఏదో ఒకటి తప్పనుకోనక్కరలేదు.

ఇక్కడ ఆశ్చర్యపరిచే విషయం ఒకటి ఉంది. ఎంజైము పనికి ఈ సెరీన్ అవసరమే లేదు. దాన్ని మార్చి అలనీన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని పెట్టినా కాక్స్ మునుపటిలాగే పని చేస్తుంది, ఆస్పిరిన్ అతుక్కోవడానికి చోటు మాత్రం ఉండదు. మరి అవసరం లేని సెరీన్ మీద ఒక చిన్న ముక్క చేరితే ఎంజైము ఎందుకు ఆగిపోతుంది? కాక్స్ క్రియాస్థానం ప్రోటీన్ లోపలికి వెళ్లే పొడవాటి, ఇరుకైన సొరంగం చివర ఉంది. అరాకిడోనిక్ ఆమ్లం ఆ సొరంగం వెంట లోపలికి జారి, చివరన ఉన్న 385వ టైరోసిన్ దగ్గర చర్యకు లోనవుతుంది. మన సెరీన్ ఆ టైరోసిన్‌కు కొద్ది దూరంలో, సొరంగం గోడ మీద ఉంటుంది. దాని మీద అసిటైల్ చేరగానే దారికి అడ్డుగా ఒక గుబ్బ మొలిచినట్లవుతుంది. యంత్రం చెడలేదు, సరుకు లోపలికి వెళ్లే దారి మూసుకుపోయింది. అదే ఎంజైములో మరోచోట జరిగే పెరాక్సిడేజ్ పని ఆస్పిరిన్ తగిలిన తర్వాత కూడా సాగుతూ ఉండటమే దీనికి సాక్ష్యం.

ఆస్పిరిన్‌కు కాక్స్‌తో మొదటి పట్టు బలహీనంగానే ఉంటుంది. సొరంగం ముఖద్వారం వైపున్న 120వ ఆర్జినిన్‌కు ధనావేశం ఉంటుంది. ఆస్పిరిన్‌లోని ఋణావేశం దాన్ని పట్టుకుని నిలబడుతుంది. అలా నిలబడితే అసిటైల్ ముక్క సెరీన్‌కు ఎదురుగా వస్తుంది. ఐబుప్రొఫెన్ నిలబడేది కూడా అదే చోట. కాబట్టి ముందు ఐబుప్రొఫెన్ వచ్చి కూర్చుంటే ఆస్పిరిన్‌కు లోపలికి దారి దొరకదు. ఐబుప్రొఫెన్ కొన్ని గంటల తర్వాత లేచి వెళ్లిపోతుంది. అప్పటికి రక్తంలో ఆస్పిరిన్ మిగలదు. ముడి వేయవలసినది వచ్చిన సమయంలో తాత్కాలికంగా కూర్చున్నది అడ్డుపడి, తర్వాత అదీ పోయింది. ఎంజైము క్షేమంగా బయటపడింది. గుండె రక్షణ కోసం తక్కువ మోతాదు ఆస్పిరిన్ వాడేవారు ఐబుప్రొఫెన్ కూడా వేసుకోవలసి వస్తే రెంటి మధ్య వ్యవధి గురించి వైద్యుడిని అడగాలని చెప్పడం వెనుక ఉన్నది ఈ పోటీయే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ప్రభావం వారం పైగా ఎందుకు ఉంటుంది? బంధం బలంగా ఉండటం సగం కారణం. రెండో సగం ప్లేట్‌లెట్‌లో ఉంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు. పాడైన కాక్స్ స్థానంలో కొత్తది చేసుకునే స్థోమత దానికి దాదాపు లేదు. ఒకసారి ముడిపడితే ఆ ప్లేట్‌లెట్ తన 8 నుంచి 10 రోజుల జీవితం అంతా అలాగే గడపాలి. రక్తనాళాల లోపలి పొరలోని కణాలకు కేంద్రకం ఉంది కాబట్టి అవి కొన్ని గంటల్లో కొత్త ఎంజైమును తయారుచేసుకుంటాయి. మందు ఒకటే, ముడి ఒకటే. ఒక కణంలో అది జీవితకాలపు శిక్ష, మరో కణంలో పూట గడిస్తే తీరే ఇబ్బంది.

దీన్ని లెక్కగా చూద్దాం. ఎముక మజ్జ రోజూ ప్లేట్‌లెట్లలో సుమారు పదో వంతును కొత్తవాటితో నింపుతుంది. ఈ రోజు అన్ని ప్లేట్‌లెట్లలో కాక్స్ ఆగిపోయిందనుకుందాం. ఆస్పిరిన్ ఇక వేసుకోకపోతే రేపటికి 10 శాతం, ఎల్లుండికి 20 శాతం, మూడో రోజుకు 30 శాతం ప్లేట్‌లెట్లు కొత్తవి, ముడిపడనివి. పదో రోజుకు రక్తం పాతస్థితికి చేరుతుంది. ప్లేట్‌లెట్ల చుట్టూ అల్లుకున్న ఈ లెక్క వల్లనే 75 మిల్లీగ్రాముల చిన్న మోతాదు రోజుకు ఒక్కసారి వేసుకున్నా పని జరుగుతుంది. ప్రతి మోతాదూ ముందటి రోజు పుట్టిన కొత్త ప్లేట్‌లెట్లను పట్టుకుంటే చాలు, పాతవి ఎలాగూ ఆగే ఉన్నాయి. పైగా పేగుల నుంచి కాలేయానికి వెళ్లే రక్తంలోనే ఆస్పిరిన్ చాలా ప్లేట్‌లెట్లను కలుస్తుంది. కాలేయం దాన్ని విరగగొట్టే లోపే ముడి పడిపోతుంది. మిగతా శరీరానికి చేరే ఆస్పిరిన్ తక్కువ, ప్లేట్‌లెట్లకు మాత్రం కావలసినంత అందుతుంది. ఈ లెక్క తప్పే సందర్భమూ ఉంది. ఏ కారణంగానైనా మజ్జ ప్లేట్‌లెట్లను మామూలు కంటే వేగంగా విడుదల చేస్తుంటే, ఇరవై నాలుగు గంటలు నిండక ముందే ముడిపడని ప్లేట్‌లెట్ల సంఖ్య పెరిగిపోతుంది. అప్పుడు ఆస్పిరిన్ పని చేయలేదని అనిపిస్తుంది. నిజానికి అది ముడి వేసింది, కొత్తవి దాన్ని దాటి వచ్చాయి.

పెన్సిలిన్ కథ ఇంకో రకం. ఇక్కడ దెబ్బ తగిలేది ఎంజైము పని చేసే చేతికే.

బాక్టీరియా చుట్టూ ఉండే కణకవచం పొడవాటి గొలుసులతో, వాటిని అడ్డంగా కలిపే వంతెనలతో అల్లిన వల. వంతెనలు వేసే ఎంజైము ట్రాన్స్‌పెప్టిడేజ్. వంతెనకు ముందు ఒక గొలుసు నుంచి వేలాడే చిన్న పెప్టైడ్ కొసన రెండు డి-అలనీన్లు జంటగా ఉంటాయి. ఎంజైములోని సెరీన్ ఆ జంట మధ్య ఉన్న బంధం మీద దాడి చేస్తుంది. చివరి డి-అలనీన్ తెగి దూరంగా వెళ్లిపోతుంది. మిగిలిన పెప్టైడ్ కాసేపు సెరీన్‌కు అతికి ఉంటుంది. తెగిన ముక్క ఖాళీ చేసిన చోటికి పక్క గొలుసుకు చెందిన అమైన్ వచ్చి ఆ పెప్టైడ్‌ను అందుకుంటుంది. వంతెన పడుతుంది, సెరీన్ చేయి ఖాళీ అవుతుంది. అంటే ఈ ఎంజైము ప్రతిసారీ సమయోజనీయంగా అతుక్కోవడం, విడిపోవడం అనే పనే చేస్తుంది. అతుక్కోవడం దానికి కొత్త కాదు.

పెన్సిలిన్ అణువు ఆ డి-అలనీన్ జంటను పోలి ఉంటుందని డొనాల్డ్ టిప్పర్, జాక్ స్ట్రోమింజర్ 1965లో ప్రతిపాదించారు. దానిలో నాలుగు పరమాణువుల బీటా-లాక్టమ్ వలయం ఉంది. ఆ వలయం బిగువుగా వంగి ఉంటుంది కాబట్టి అందులోని బంధం తేలిగ్గా తెగుతుంది. సెరీన్ తన మామూలు సబ్‌స్ట్రేట్ అనుకుని దాని మీద దాడి చేస్తుంది, బంధం తెగుతుంది, పెన్సిలిన్ సెరీన్‌కు అతుక్కుంటుంది. ఇంతవరకు అంతా మామూలే. తేడా ఆ తర్వాత వస్తుంది. డి-అలనీన్ అయితే తెగగానే వెళ్లిపోయేది. పెన్సిలిన్‌లో తెగిన కొస మరో వలయం ద్వారా మిగతా అణువుకు కట్టి ఉంది. కాబట్టి తెగినా ఎక్కడికీ పోదు. ఖాళీ కావలసిన చోటనే అడ్డంగా నిలబడుతుంది. పక్క గొలుసు అమైన్‌కు అందులోకి రావడానికి సందు ఉండదు, నీటి అణువు వచ్చి బంధాన్ని తెంచడానికీ అనువు ఉండదు. ఎంజైము తన పనిలో సగం చేసి అక్కడే ఇరుక్కుపోయింది. బెంజైల్ పెన్సిలిన్ చేరిన ఎంజైము బరువు 334 డాల్టన్లు పెరుగుతుంది. అది పెన్సిలిన్ అణువు మొత్తం బరువు. ఆస్పిరిన్‌లాగా ముక్క ఇచ్చి తప్పుకోదని, ఏ భాగమూ విడిపోకుండా మొత్తం అక్కడే ఉండిపోతుందని ఈ ఒక్క అంకె చెబుతుంది.

నిజం చెప్పాలంటే ఈ ముడి పూర్తిగా శాశ్వతం కూడా కాదు. నీరు మెల్లగా, చాలా మెల్లగా దాన్ని తెంచుతూనే ఉంటుంది. ఎంజైమును బట్టి అందుకు నిమిషాల నుంచి చాలా గంటల వరకు పడుతుంది. అనువైన పరిస్థితుల్లో ఇరవై ముప్పై నిమిషాలకు ఒకసారి విభజన చెందే బాక్టీరియాకు గంటలంటే తరాలు. పెరుగుతున్న కణంలో పాత వలను కోసే ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి, కొత్త వంతెనలు పడవు. వల బలహీనపడి కణం పగులుతుంది. ముడి విడిపోయే రోజు వచ్చేసరికి విప్పుకోవడానికి బాక్టీరియా మిగలదు. పెరగకుండా ఊరికే ఉన్న బాక్టీరియా మీద పెన్సిలిన్ పెద్దగా పని చేయకపోవడానికి కారణం కూడా ఇదే.

తిరుగులేనితనం ముడి ఒక్కదానిలో ఉండదని నేను నొక్కి చెప్పడానికి బీటా-లాక్టమేజ్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. అది పెన్సిలిన్‌ను పాడుచేయడానికి బాక్టీరియా వాడే ఎంజైము. టెమ్-1 అనే రకాన్ని తీసుకుందాం. దానిలోనూ సెరీన్ ఉంది, 70వది. అదీ పెన్సిలిన్ వలయం మీద దాడి చేస్తుంది, పెన్సిలిన్ దానికీ అతుక్కుంటుంది. ముడి అదే. కానీ టెమ్-1లో 166వ గ్లుటమేట్ ఒక నీటి అణువును సరైన వైపు నిలబెట్టి సిద్ధంగా ఉంచుతుంది. ఆ నీరు వెంటనే బంధాన్ని తెంచుతుంది. ట్రాన్స్‌పెప్టిడేజ్‌లో గంటలు పట్టే పని ఇక్కడ సెకనుకు వెయ్యి సార్లు జరుగుతుంది. ఒకే అణువు ఒక ఎంజైముకు ఉరితాడు, మరో ఎంజైముకు మామూలు మేత.

అందుకే పెన్సిలిన్‌ను సూసైడ్ సబ్‌స్ట్రేట్ అని పిలవడం గురించి నాకు కొంత అభ్యంతరం ఉంది. చాలా పాఠ్యపుస్తకాలు అలాగే పిలుస్తాయి, విశాలమైన అర్థంలో తప్పు పట్టలేం. కానీ ఆ పేరుకు ఖచ్చితమైన అర్థం ఒకటి ఉంది. లోపలికి వచ్చినప్పుడు అణువు సాధుస్వభావంతో ఉండాలి. ఎంజైము తన సహజ క్రియతోనే దాన్ని మార్చి, తనను దెబ్బతీయగల చురుకైన రూపాన్ని తన లోపలే పుట్టించాలి. ఆ కొలతతో చూస్తే ఆస్పిరిన్ ఎంతమాత్రం సూసైడ్ సబ్‌స్ట్రేట్ కాదు, దాని అసిటైల్‌ను కాక్స్ తయారు చేయలేదు. పెన్సిలిన్ సగం దారిలో ఆగిపోయిన సబ్‌స్ట్రేట్. పేరుకు అక్షరాలా సరిపోయేది క్లావులానిక్ ఆమ్లం.

స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ అనే సూక్ష్మజీవి తయారుచేసే ఈ అణువులోనూ బీటా-లాక్టమ్ వలయం ఉంది. ఇది సొంతంగా బాక్టీరియాను పెద్దగా చంపదు. దాని గురి బీటా-లాక్టమేజ్ మీద. ఎంజైము సెరీన్ ఎప్పటిలాగే వలయాన్ని తెరుస్తుంది. తెరవగానే పక్కనున్న రెండో వలయం కూడా విచ్చుకుంటుంది. సెరీన్‌కు అతికి ఉన్న ముక్క రూపం మార్చుకుని చురుకైన ఇమీన్ అవుతుంది. ఇక్కడి నుంచి రెండు దారులు. నీరు ముందుగా వస్తే ముక్క ఊడిపోయి ఎంజైము బతుకుతుంది. ముక్క ముందుగా దగ్గరలోని 130వ సెరీన్‌ను పట్టుకుంటే ఎంజైములోని రెండు సెరీన్లు ఒక కొక్కెంతో కలిసిపోతాయి, అది ఇక లేవదు.

ఈ పందెంలో ఎవరిది పైచేయి అని కొలిచే అంకె ఉంది: ఒక ఎంజైము చచ్చుబడే లోపు అది ఎన్ని నిరోధక అణువులను విరగగొట్టింది అన్నది. టెమ్-1 తరహా ఎంజైముల మీద క్లావులానిక్ ఆమ్లానికి ఇది నూరు పైచిలుకు. అంటే ఒక్క ఎంజైమును పడగొట్టడానికి వందకు పైగా అణువులు బలి కావాలి. వినడానికి దుబారాలా ఉన్నా సల్బాక్టమ్‌కు ఇదే ఎంజైము మీద అంకె వేలల్లో ఉంటుంది. బాక్టీరియా ఈ ఎంజైమును విపరీతంగా తయారుచేస్తే మందు చికిత్స ఎందుకు విఫలమవుతుందో ఈ అంకె నుంచే ఊహించవచ్చు. ముడి తిరుగులేనిదే, కానీ ముళ్లకు సరిపడా దారం అందలేదు. అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ ఆమ్లాన్ని కలిపి ఇచ్చేటప్పుడు పెన్సిలిన్ వర్గపు మందు ట్రాన్స్‌పెప్టిడేజ్ మీదకు వెళ్లే దారిని రెండోది తన అణువులను ఖర్చు చేసి కాపాడుతుంది.

బాక్టీరియా దీన్ని దాటిన తీరు కూడా ఈ రసాయనంలోనే చదవవచ్చు. టెమ్ ఎంజైములలో కొన్నింటిలో 130వ సెరీన్ పోయి గ్లైసిన్ వచ్చింది. వాటిని క్లావులానిక్ ఆమ్లం మునుపటంత తేలిగ్గా లొంగదీయలేదు. దానికి మూల్యంగా ఆ ఎంజైములు పెన్సిలిన్‌ను విరగగొట్టే నేర్పును కొంత కోల్పోయాయి. మరికొన్ని బాక్టీరియాలు అసలు సెరీన్‌నే వదిలేసిన ఎంజైములను వాడతాయి. వాటిలో జింక్ అయాన్ నీటి అణువును పట్టుకుని నేరుగా బీటా-లాక్టమ్ వలయం మీదకు తోస్తుంది. మధ్యలో ఎంజైముకు మందు అతుక్కునే దశ ఉండదు. అతుకే లేని చోట క్లావులానిక్ ఆమ్లానికి ముడి వేయడానికి ఏమీ దొరకదు.